చీర కార్డుల వరుస: ధర ఎక్కడ పెట్టాలి, వెనక వైపు ఎప్పుడు చూపాలి – ప్రాజెక్టు డైరీ

మా అక్కకు కొత్తపేటలో చిన్న చీరల దుకాణం ఉంది. సరుకులో ఎక్కువ భాగం పోచంపల్లి నూలు ఇక్కత్. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాములలో ఆ చీరలకు క్యారౌసెల్ ప్రకటనలు చేసే పని నాది. అంటే ఒకే ప్రకటనలో కార్డులనే నాలుగైదు చతురస్రపు బొమ్మలు పక్కపక్కన ఉంటాయి, చూసేవాళ్లు వేలితో ఒక్కొక్కటే జరుపుకుంటూ పోతారు. వాటిని ఏ వరుసలో పెడితే మనిషి చివరిదాకా జరుపుతాడు అన్నదే ఈ డైరీలో ఉన్న ప్రశ్న. మొత్తం పదమూడు వేల రూపాయలు ఖర్చయ్యాయి. అందులో తొలి మూడున్నర వేలు నా పొరపాట్లకే పోయాయి కనుక వాటి గురించే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

ప్రయోగానికి ఎంచుకున్నది ఒకే చీర రకం: నూలు ఇక్కత్, ధర 2,400 రూపాయలు, నాలుగు రంగులు. రోజుకు ఖర్చు 300 రూపాయలు. పనిముట్లు ఇవి: ఫోను కెమెరా, ఉదయం బాల్కనీ వెలుతురు, వెనక కట్టడానికి ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటి, కత్తిరింపులకు గింప్. ప్రతి కార్డు 1080 × 1080 పిక్సెళ్లు.

## దశ 1: పొడవాటి కొంగు, మూడు ముక్కలు

మొదటి ఆలోచన చాలామందికి వచ్చేదే. చీరను పొడవునా పరిచి, 3240 × 1080 కొలతలో ఒకే పొడవాటి బొమ్మ తీసి, మూడు ముక్కలుగా కోశాను. ఒక కార్డు అంచున ఆగిన కొంగు తరువాతి కార్డులో కొనసాగుతుంది, సగం కనిపించిన నెమలిని పూర్తిగా చూడాలని వేలు దానంతటదే కదులుతుంది అనుకున్నాను. నాలుగో కార్డు అంచు దగ్గరి ఫొటో, ఐదోది ధర.

మూడో రోజు అక్క ఫోను చేసింది.

"తమ్ముడూ, చీరను ముక్కలు చేసి ఇలా అతికించావేమిటి? కొంగు ముందు వచ్చింది, ఒళ్లు చివర వచ్చింది. మధ్యలో ధర."

నా ఫోనులో వరుస సరిగ్గానే ఉంది. ఆమె ఫోనులో వేరుగా ఉంది, వాళ్ల పక్క దుకాణం అమ్మాయి ఫోనులో మరోలా ఉంది. కారణం వెతికితే నేను చూడకుండా దాటేసిన ఒక గడి దొరికింది. బాగా పనిచేస్తున్న కార్డులను ముందుకు తెమ్మనే ఏర్పాటు అది, టిక్కు పెట్టి ఉంది. ఒకదానికొకటి సంబంధం లేని అయిదు వేర్వేరు చీరలైతే ఆ గడి ఉండడమే మంచిది. బొమ్మ ఒకదాని నుంచి మరొకదానికి సాగుతున్నప్పుడు మాత్రం అది తీసేయవలసిందే.

తీసేశాక కూడా చిక్కు పోలేదు. ఇన్‌స్టాగ్రాములో ఒక కార్డు తెర వెడల్పంతా ఆక్రమిస్తుంది కాబట్టి అతుకు కనిపించదు. ఫేస్‌బుక్ ఫీడులో కార్డుకూ కార్డుకూ మధ్య తెల్లటి సందు ఉంటుంది, పక్క కార్డు అంచు కూడా కాస్త తొంగిచూస్తూ ఉంటుంది. ఆ సందు దగ్గర నెమలి మెడ తెగిపోయింది. పైగా ఫేస్‌బుక్‌లో పక్క కార్డు ఎలాగూ తొంగిచూస్తుంది కనుక, ఇంకా ఉందని చెప్పడానికి ఈ కోత అవసరమే లేదు. ఇన్‌స్టాగ్రాములో అవసరం ఉంది, కానీ కోత ఒక్కటే దారి కాదు. ఆ సంగతి దశ 4లో.

మార్చినవి:

1. కార్డుల వరుసను తనంతట తాను మార్చే గడి తీసేశాను.
2. చివర పేజీ బొమ్మతో అదనపు కార్డు చేర్చే గడి కూడా తీసేశాను. ధర కార్డు తరువాత దుకాణం బొమ్మ వస్తే చూసేవాళ్లకు ఒరిగేది లేదు.
3. పొడవాటి బొమ్మను వదిలేశాను.

ఇప్పటిదాకా: ఖర్చు 2,100. సందేశాలు 14. అమ్మిన చీరలు 1.

## దశ 2: అంకెను తప్పుగా చదవడం

ఈసారి దుకాణంలో కూర్చుని అక్క చీర ఎలా చూపిస్తుందో గమనించాను. మడత మీద ఉన్న చీరను ముందు భుజం మీద వేసుకుని చూపిస్తుంది. తరువాత కొంగు పరుస్తుంది. ఎవరూ అడగకముందే ఒక మూల పట్టుకుని తిరగేసి వెనక వైపు చూపిస్తుంది. అంచు మీద వేలు నడిపిస్తుంది. ధర చిట్టచివర, అదీ అడిగితేనే చెబుతుంది. అదే వరుసలో ఐదు కార్డులు చేశాను: కట్టిన చీర, కొంగు, వెనక వైపు, అంచు, ధర. ధర కార్డులో కొలతలు కూడా రాశాను: చీర 5.5 మీటర్లు, జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు.

మూడు రోజుల తరువాత యాడ్స్ మేనేజర్‌లో కార్డుల వారీగా విడగొట్టి చూస్తే క్లిక్కులు ఇలా ఉన్నాయి:

కట్టిన చీర 88, కొంగు 20, వెనక 13, అంచు 8, ధర 5.

ధర కార్డుకు అయిదే. ఎవరికీ అక్కర్లేదని తీర్మానించి దాన్ని తీసేశాను. తరువాతి రెండు రోజుల్లో పదకొండు సందేశాలు వచ్చాయి. తొమ్మిది మంది అడిగింది ఒక్కటే: ధర ఎంత?

"ధర చెప్పని దుకాణం అని పేరు పెడతావా నాకు?" అంది అక్క. జవాబులు టైపు చేసేది ఆమే కదా.

పొరపాటు ఎక్కడంటే, ఆ పట్టికలో కార్డుల వారీగా క్లిక్కులు మాత్రమే ఉంటాయి. ఎంతమందికి కనిపించింది అన్న అంకె మొత్తం ప్రకటనకే ఉంటుంది, ఒక్కొక్క కార్డుకు ఉండదు. కాబట్టి అయిదో కార్డుకు అయిదు క్లిక్కులు వచ్చాయంటే రెండు అర్థాలున్నాయి. దాన్ని చూసినవాళ్లకు నచ్చకపోయి ఉండవచ్చు, లేదా అసలు అక్కడిదాకా ఎవరూ చేరి ఉండకపోవచ్చు. మొదటిదైతే కార్డు మార్చాలి, రెండోదైతే చోటు మార్చాలి. ఒకే వరుసను ఎన్ని రోజులు నడిపినా ఈ రెండింటినీ విడదీయలేము. ఎనిమిదికీ అయిదుకూ మధ్య తేడాను తేడా అనుకోవడం వేరే తప్పు, దాని లెక్క కింద ఉంది.

ఇంకొకటి, చిన్నదే. కార్డు కింద వచ్చే శీర్షిక ఫోనులో కొన్ని అక్షరాల తరువాత తెగిపోతుంది. నేను అయిదింటికీ 'పోచంపల్లి చేనేత ఇక్కత్' అని మొదలుపెట్టాను. తెరమీద అయిదు కార్డుల కిందా ఒకే మాట, ఆ తరువాత మూడు చుక్కలు. జరిపినా కొత్తది రాదని మనమే చెప్పినట్టయింది. ఆ కార్డుకు ప్రత్యేకమైన మాటనే ముందు పెట్టాను: 'వెనక వైపూ ఇదే రంగు', '5.5 మీటర్లు, 2,400'.

ఇప్పటిదాకా: ఖర్చు 3,600. సందేశాలు 35. అమ్మిన చీరలు 2.

## దశ 3: నాలుగు వరుసలు, నాలుగు వారాలు

కార్డును, చోటును విడదీయడానికి దారి ఒకటే: ప్రతి కార్డూ ప్రతి చోటా ఒకసారి నిలబడాలి. మొదటి కార్డును మార్చలేదు. అది మనిషిని ఆపే కార్డు, దాని పరీక్ష వేరు. మిగిలిన నాలుగింటిని ఇలా తిప్పాను:

| వారం | 2వ చోటు | 3వ చోటు | 4వ చోటు | 5వ చోటు |
|---|---|---|---|---|
| 1 | కొంగు | వెనక | అంచు | ధర |
| 2 | వెనక | ధర | కొంగు | అంచు |
| 3 | అంచు | కొంగు | ధర | వెనక |
| 4 | ధర | అంచు | వెనక | కొంగు |

అడ్డంగా చూసినా నిలువుగా చూసినా ఏ కార్డూ రెండోసారి రాదు. ఇంకో సుగుణం కూడా ఉంది. ఏ కార్డు తరువాత ఏ కార్డు వస్తుందో చూడండి, ఆ జంట మొత్తం పట్టికలో ఒక్కసారే ఉంటుంది. 'కొంగు తరువాత వెనక' వచ్చింది, 'వెనక తరువాత కొంగు' కూడా వచ్చింది. ముందున్న కార్డు మంచిదైతే తరువాతిదానికి కలిసొచ్చే లాభం అందరికీ సమంగా పంచినట్టవుతుంది.

నడిపిన తీరు:

1. ప్రతి వారం గురువారం ఉదయం మొదలు, ఆదివారం రాత్రి ముగింపు. వారాంతం ప్రతిసారీ కలిసేలా.
2. పాత ప్రకటనలో కార్డులను అటూ ఇటూ జరపలేదు, ప్రతిసారీ కొత్త ప్రకటన పెట్టాను. నడుస్తున్నదాన్ని మధ్యలో మారిస్తే పాత వరుస క్లిక్కులూ కొత్త వరుస క్లిక్కులూ ఒకే ఖాతాలో కలిసిపోతాయి.
3. ప్రతి కార్డు లింకు చివర ఆ కార్డు గుర్తు. వారం సంఖ్య, చోటు, కార్డు పేరులో మొదటి అక్షరం.

```
?utm_source=meta&utm_medium=paid&utm_campaign=ikat&utm_content=w2-p3-d
```

లింకు వెళ్లేది చీర ఫొటోలు, వాట్సాప్ బొత్తాం ఉన్న ఒక చిన్న పేజీకి. ఆ గుర్తు సందేశంలోకి కూడా రావాలి, లేకపోతే క్లిక్కు ఏ కార్డుదో తెలుస్తుంది కానీ సందేశం ఏ కార్డుదో తెలియదు. పేజీలో ఈ రెండు పంక్తులు చేర్చాను:

```
const k = new URLSearchParams(location.search).get("utm_content") || "x";
btn.href = "https://wa.me/91XXXXXXXXXX?text=" + encodeURIComponent("చీర వివరాలు కావాలి. [" + k + "]");
```

సందేశం అక్కకు 'చీర వివరాలు కావాలి. [w2-p3-d]' అని వస్తుంది. కొంతమంది ఆ గుర్తును చెరిపేసి పంపారు. వాళ్లను కార్డు లెక్కలోంచి తీసేశాను, మొత్తం సందేశాల్లో మాత్రం ఉంచాను.

నాలుగు వారాల క్లిక్కులు:

| వారం | కట్టిన చీర | కొంగు | వెనక | అంచు | ధర | మొత్తం |
|---|---|---|---|---|---|---|
| 1 | 118 | 26 | 21 | 6 | 12 | 183 |
| 2 | 112 | 9 | 34 | 4 | 27 | 186 |
| 3 | 121 | 15 | 9 | 11 | 14 | 170 |
| 4 | 114 | 6 | 13 | 7 | 38 | 178 |
| మొత్తం | 465 | 56 | 77 | 28 | 91 | 717 |

అవే క్లిక్కులను చోటు ప్రకారం కూడితే: రెండో చోటు 109, మూడో చోటు 70, నాలుగో చోటు 42, అయిదో చోటు 31.

చోటు బలం ఎంతో ఇక్కడ తెలుస్తుంది. అవే నాలుగు కార్డులు, అన్ని చోట్లా తిరిగిన కార్డులు, రెండో చోట ఉన్నప్పుడు తెచ్చిన క్లిక్కులు చివర ఉన్నప్పటికన్నా మూడు రెట్లకు పైగా ఎక్కువ. దశ 2లో ధరకు వచ్చిన అయిదు క్లిక్కులు ధర దోషం కాదు, అయిదో చోటు దోషం. ఇప్పుడు అన్ని చోట్లా తిప్పి కూడితే ధరే అందరికన్నా పైన ఉంది.

అయితే 91 పెద్దది, 77 చిన్నది కాబట్టి ధర గెలిచింది అనకూడదు. నేను వాడే మోటు లెక్క ఒకటి ఉంది. రెండు అంకెలూ కూడి, వర్గమూలం తీసి, దాన్ని రెట్టింపు చేయండి. అసలు తేడా దానికన్నా తక్కువైతే ఆ తేడాను నమ్మకండి. ధరకూ వెనకకూ మొత్తం 168, వర్గమూలం సుమారు 13, రెట్టింపు 26. వాటి మధ్య తేడా 14 మాత్రమే. మరో నాలుగు వారాలు నడిపితే తారుమారు కావచ్చు. వెనకకూ అంచుకూ మొత్తం 105, వర్గమూలం పదికి కాస్త పైన, రెట్టింపు సుమారు 20. తేడా 49. ఇది నిజమైన తేడా. అంచు కార్డు ఏ చోటా నిలబడలేదు, రెండో చోట కూర్చోబెట్టినా 11 దగ్గరే ఆగింది.

అంచు ఎందుకు ఓడిందో నా ఊహ ఇది. దుకాణంలో అక్క వేలు అంచు మీద నడిచినప్పుడు చూసేవాళ్ల వేలు కూడా వెంట నడుస్తుంది, నూలు గట్టిదనం చేతికి తెలుస్తుంది. ఫొటోలో అది ఒక చారల పట్టీ, అంతే. పైగా కట్టిన చీర ఫొటోలో అంచు ఎలాగూ కనిపిస్తూనే ఉంది.

క్లిక్కులు తేల్చలేని ధర, వెనకల తగవును సందేశాలతో చూశాను. ధర అడిగిన సందేశాలే నాకు మంచి కొలత అయ్యాయి. ధర కార్డు ఉన్నా ధర అడిగారంటే ఆ మనిషి అక్కడిదాకా జరపలేదన్నమాట. ధర పేజీలో కింద కూడా ఉంది, కానీ అది నాలుగు వారాలూ ఒకే చోట ఉంది కనుక పోలికకు అడ్డం రాదు.

ధర అయిదో చోట ఉన్న వారం 22 సందేశాల్లో 13 మంది ధర అడిగారు. నాలుగో చోట ఉన్నప్పుడు 18లో 10 మంది. మూడో చోట 19లో 6 మంది. రెండో చోట 17లో ముగ్గురు.

ఒక మినహాయింపు ఉంది. ధర ముందే చూసి వద్దనుకున్నవాళ్లు సందేశమే పంపరు, కాబట్టి అడిగేవాళ్లు తగ్గడంలో వాళ్ల వాటా కూడా ఉంటుంది. అక్కకు మాత్రం అదీ లాభమే. బేరం కుదరని సంభాషణలు తగ్గితే సాయంత్రం రద్దీలో ఫోను పక్కన పెట్టవచ్చు.

ఇప్పటిదాకా: ఖర్చు 8,400. సందేశాలు 111. అమ్మిన చీరలు 11.

## దశ 4: చీర మూల తిరగేసే చెయ్యి

అంచు కార్డు తీసేశాను. మిగిలింది మూడు కార్డుల వరుస. రెండో చోట ధర పెట్టాలా, వెనక పెట్టాలా?

"ధర ముందు చెబితే బజారులో ఆరు వందలకు దొరికే అచ్చు చీరతో పోల్చుకుంటారు. ఇది నేసిందని తెలిశాక చెబితే రెండు వేల నాలుగు వందలు ఎందుకో వాళ్లకే అర్థమవుతుంది," అంది అక్క.

ఇది కొలిచి తేల్చినది కాదు, ఇరవై ఏళ్లుగా చీరలు అమ్ముతున్న మనిషి మాట. క్లిక్కులు రెండింటినీ విడదీయలేకపోయాయి కనుక ఆమె మాటే తీసుకున్నాను. వరుస: కట్టిన చీర, వెనక, ధర, కొంగు.

వెనక కార్డును మళ్లీ తీయవలసి వచ్చింది. ఇక్కత్‌లో నూలును నేయకముందే కట్లు కట్టి రంగులో ముంచుతారు. రంగు దారంలోనే ఉంటుంది కాబట్టి నేశాక డిజైను ముందూ వెనకా దాదాపు ఒకేలా కనిపిస్తుంది, బొమ్మల అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి. బట్ట మీద అచ్చు వేస్తే రంగు పైనే ఉండిపోయి వెనక వెలవెలబోతుంది. దుకాణంలో తిరగేసి చూపించేది దీనికే. నేను తీసిన మొదటి వెనక ఫొటోలో చీర వెనక వైపు మొత్తం పరిచి ఉంది. నిజమే, అచ్చం ముందు వైపులాగే ఉంది. అదే చిక్కు! చూసేవాళ్లకు అది ఇంకో ముందు వైపు ఫొటో. రుజువు ఎంత గట్టిదో అంతగా కనిపించకుండా పోయింది.

మళ్లీ తీసిన తీరు:

1. చీర మూలను ఐమూలగా మడిచాను. ముందు వైపూ వెనక వైపూ ఒకే ఫొటోలో, మడత గీత దగ్గర కలుసుకుంటాయి.
2. కట్‌పీసుల దుకాణంలో ఇక్కత్ డిజైను అచ్చు వేసిన బట్ట అర మీటరు కొని, పక్కన అలాగే మడిచి పెట్టాను. దాని వెనక పాలిపోయి ఉంది.
3. మడతను అక్క చేతి వేళ్లు పట్టుకుని ఉన్నాయి. చెయ్యి లేకుండా తీసిన ఫొటోలో ఏది ముందో ఏది వెనకో తెలియలేదు.
4. ఫొటో మీద రెండే మాటలు: 'ముందు', 'వెనక'. అక్షరాలు పెద్దవి. తెలుగు ఒత్తులు చిన్న సైజులో ముద్ద అయిపోతాయి కనుక ఫోను తెరమీద, చేతి దూరంలో పట్టుకుని చదివి చూశాకే ఖాయం చేశాను.

పొడవాటి బొమ్మ చేయవలసిన పనిని కూడా ఈ చెయ్యే చేసింది. మొదటి కార్డు, కట్టిన చీర ఫొటోలో కుడి అంచు దగ్గర ఆమె వేళ్లు కొంగు మూలను పట్టుకుని అప్పుడే తిప్పబోతున్నట్టు తీశాను. రెండో కార్డులో ఆ మూల తిరిగి ఉంది. ఒక కార్డులో మొదలైన కదలిక రెండోదాంట్లో పూర్తవుతుంది. గీతలు పిక్సెలు పిక్సెలూ కలవనవసరం లేదు, మధ్యలో తెల్ల సందు వచ్చినా నష్టం లేదు, ఇన్‌స్టాగ్రాములో పక్క కార్డు తొంగిచూడకపోయినా వేళ్ల దిక్కు చెబుతుంది.

ఆరు రోజులు నడిపాను. 31 సందేశాలు, అందులో ధర అడిగినవి 7, అమ్మకాలు 5. ఒక్కో చీరకు ప్రకటన ఖర్చు 360 పడింది, దశ 3లో అది 533. ఈ తేడాను కూడా నేను పూర్తిగా నమ్మడం లేదు, అయిదు చీరలు చాలా చిన్న అంకె.

అనుకోనిది ఒకటి జరిగింది. ముగ్గురు ఆ అచ్చు బట్ట ధర అడిగారు.

ఇప్పటిదాకా: ఖర్చు 10,200. సందేశాలు 142. అమ్మిన చీరలు 16.

## దశ 5: వరుస మన చేతిలో లేని కేటలాగు

ఒకే చీరకు వరుస కుదిరింది. దుకాణంలో మిగిలిన చీరలకు కేటలాగు ప్రకటన పెట్టాం. ఇక్కడ ఆట మారిపోతుంది. సరుకు జాబితాను ఒక షీటుగా ఇస్తాం, ఎవరికి ఏ చీర ముందు కనిపించాలో వ్యవస్థ ఎంచుకుంటుంది. మీరు రెండో చోట ఫలానాది పెట్టమని చెప్పలేరు. కాబట్టి ప్రతి చీర కార్డూ ఏ చోటైనా నిలబడేలా ఉండాలి.

షీటులో మొదటి పంక్తి, ఒక చీర:

```
id,title,description,availability,condition,price,link,image_link,brand,item_group_id
IK14-N,"నీలం, నెమలి కొంగు","నూలు ఇక్కత్, 5.5 మీ.",in stock,new,2400.00 INR,https://...,https://...,దుకాణం పేరు,IK14
```

మొదటి మూడు రోజులు ఏడు చీరలు జరిపినా ఒకే చీర చూస్తున్నట్టు ఉంది. కారణాలు మూడు. ఒకటి, అన్ని ఫొటోలూ ఒకే అమ్మాయి, ఒకే నిలుపు, అదే తెల్ల దుప్పటి. దుకాణం గోడమీదైతే ఆ పొందిక బాగుంటుంది, వేలితో జరిపేటప్పుడు అది విసుగు. సగం చీరలకు కొంగు పరిచిన ఫొటో ఇచ్చాను, సగానికి కట్టిన ఫొటో ఉంచాను. ఏది దేని పక్కన పడుతుందో మన చేతిలో లేదు కానీ, సగం సగం ఉంటే ఒకేలాంటివి వరసగా పడడం తగ్గుతుంది.

రెండు, ఒకే చీర నాలుగు రంగులను నాలుగు వేర్వేరు సరుకులుగా రాశాను. `item_group_id` ఒకటే ఇచ్చాక ఒకే డిజైను పక్కపక్కన రావడం మా ప్రకటనల్లో తగ్గింది. మూడు, పేరులో మళ్లీ పాత తప్పే, అన్నిటికీ 'పోచంపల్లి' ముందు. రంగు, కొంగు బొమ్మ ముందుకు తెచ్చాను.

ధరల సంగతి వేరే. 1,400 నూలు చీర పక్కన 7,800 పట్టు చీర పడితే రెండూ నష్టపోతాయి. సరుకును ధర ప్రకారం రెండు జట్లుగా విడగొట్టి వేర్వేరు ప్రకటనలు పెట్టాను: మూడు వేలలోపువి, ఆపైవి.

బాగా ఇబ్బంది పెట్టింది మాత్రం నిల్వ. చేనేతలో చాలా చీరలు ఒక్కొక్కటే ఉంటాయి. దుకాణంలో మధ్యాహ్నం అమ్ముడుపోయిన చీర ప్రకటనలో రాత్రి కూడా తిరుగుతోంది. అది అడిగి లేదనిపించుకున్నవాళ్లు రెండో చీర చూడలేదు. ఇప్పుడు బిల్లు రాసే అమ్మాయి అప్పుడే షీటులో ఆ పంక్తిని `out of stock` అని మారుస్తుంది, షీటును గంటకోసారి చదివేలా పెట్టాను. ఆమె మరిచిపోయిన రోజు పాత కథే.

కేటలాగులో మన చేతిలో ఉండే చోటు ఒకటుంది: మొదట్లో మనమే ఒక స్థిరమైన కార్డు పెట్టుకోవచ్చు. అక్కడ చీర మూల తిరగేసే ఫొటో పెట్టాను. ఏ చీర తరువాత వచ్చినా ఆ రుజువు అన్నిటికీ వర్తిస్తుంది.

పది రోజులు, మూడు వేల రూపాయలు, 38 సందేశాలు, 6 చీరలు.

ఇప్పటిదాకా: ఖర్చు 13,200. సందేశాలు 180. అమ్మిన చీరలు 22. అంటే చీరకు సగటున 600. మొదటి రెండు దశలు తీసేస్తే ఇరవై చీరలకు 9,600, చీరకు 480.

## మిగిలిన పని

అంచు కార్డును చేతి వేళ్లతో మళ్లీ తీసి పరీక్షించలేదు. మొదటి కార్డును కూడా ఇంతవరకు విడిగా పరీక్షించలేదు. క్లిక్కుల్లో మూడింట రెండు వంతులు దానివే కనుక తరువాతి నాలుగు వారాలు దానికే కేటాయించాను.

అచ్చు బట్ట మీద పెద్ద అక్షరాలతో 'ఇది అచ్చు, మా దగ్గర లేదు' అని రాశాను. అయినా నిన్న సాయంత్రం ఒకావిడ అడిగిందట, అదే కావాలని. అక్క ఆ అర మీటరు ముక్క ఎక్కడ కొన్నావని నన్ను అడిగింది.